పెళ్లిళ్లు, చదివింపులకు నెల బడ్జెట్‌లో ఎంత పెట్టుకోవాలి?

ప్రశ్న: ప్రతి నెలా ఏదో ఒక ఫంక్షన్ వచ్చి బడ్జెట్ తలకిందులవుతోంది. ఎంత పక్కన పెట్టాలో తెలియడం లేదు.

నెల లెక్కతో ఇది తేలదు, ఏడాది లెక్క వేయండి. గత 12 నెలల యూపీఐ చెల్లింపులు, మీ ఇంటి శుభకార్యాల చదివింపుల పుస్తకం ముందు పెట్టుకోండి. ఎవరికి ఎంత తిరిగి పెట్టాలో ఆ పుస్తకమే చెబుతుంది.

చాలామంది చదివింపు ఒక్కటే రాసుకుంటారు. అసలు లోటు అక్కడే వస్తుంది. హైదరాబాద్ నుంచి నలుగురు రాజమండ్రి పెళ్లికి వెళ్లారనుకోండి: చదివింపు 2,116, రైలు, ఆటోలు 4,000, బట్టలు 3,000. మొత్తం 9,116 రూపాయలు. అంటే చదివింపు నాలుగో వంతు కూడా కాదు. అందుకే తగ్గించాల్సి వస్తే నేనైతే చదివింపు జోలికి పోను. ఇద్దరమే వెళ్తాం, ఉన్న పట్టుచీరే కడతాం.

ఇలా ఏడాదికి 60,000 తేలితే నెలకు 5,000. జీతం పడిన రోజే వేరే సేవింగ్స్ ఖాతాకు పంపండి. ఎప్పుడు తీయాల్సి వస్తుందో తెలియదు కాబట్టి రికరింగ్ డిపాజిట్ దీనికి పనికిరాదు.

ఒక చిక్కుంది. ముహూర్తాలు నెలనెలా సమానంగా రావు. ఆషాఢంలో మొదలుపెడితే శ్రావణం పెళ్లిళ్ల నాటికి చేతిలో 5,000, మహా అయితే 10,000 ఉంటాయి. కాబట్టి మొదట్లోనే మూడు నెలల మొత్తం, అంటే 15,000, బోనస్ నుంచో పొదుపు నుంచో అందులో వేయండి.

మేనకోడలి పెళ్లికి పెట్టే బంగారం మాత్రం ఈ ఖాతాలో కలపకండి, దానికి విడిగా దాచాలి.