ముందు మూడు ముక్కలు రాయండి, వెంటనే ఫోన్ చేస్తాను

"సార్, అర్జెంట్. వెంటనే కాల్ చేయండి. చాలా ముఖ్యం."

మీ మెసేజ్ చూశానమ్మా. ఇంజినీరింగ్ సీటు సంగతే అయి ఉంటుంది. రాత్రి పది దాకా ఫోన్ పక్కనే పెట్టుకుంటాను. మూడు ముక్కలు పంపండి చాలు: ర్యాంకు, కేటగిరీ; ఇప్పుడు చేతిలో ఉన్న సీటు; ఏ తేదీలోగా ఏం తేల్చాలి. మార్కుల మెమోలు, ఆధార్, ఓటీపీ ఏవీ వద్దు. టైప్ చేసే ఓపిక లేకపోతే వాయిస్ మెసేజ్ పెట్టండి. లేదా అలాట్‌మెంట్ ఆర్డర్ మీద హాల్‌టికెట్ నంబరు కనబడకుండా వేలు అడ్డం పెట్టి ఒక ఫొటో తీయండి.

అన్నిటికంటే ముందు ఒక మాట. పిల్లలు మీ పక్కనే ఉన్నారా? తలుపేసుకుని కూర్చుని, అన్నానికి పిలిచినా పలకకపోతే ర్యాంకు గోల వదిలేసి "పిల్ల గురించి" అనో "పిల్లాడి గురించి" అనో రెండు మాటలు పంపండి. చూసిన క్షణాన ఫోన్ చేస్తాను. ఈలోపు 14416కి చేయండి, అది టెలి మానస్ నంబరు, మనసు బాగోలేనప్పుడు మాట్లాడే ప్రభుత్వ హెల్ప్‌లైన్. ఉచితం, రాత్రయినా ఎత్తుతారు. మీరు మాత్రం ఆ గది దగ్గర నుంచి కదలకండి, మార్కుల మాట ఎత్తకండి.

వివరాలు లేకుండా ఫోన్ చేస్తే ఏమవుతుందో నాకు అనుభవమే. పోయినేడాది ఎప్‌సెట్ సీట్లు వచ్చిన రోజు ఒక తండ్రి అచ్చం మీలాగే రాశారు. ఏమీ అడక్కుండా చేశాను. ఇరవై నిమిషాలు మాట్లాడాక గానీ అసలు సంగతి బయటపడలేదు. అమ్మాయికి ర్యాంకు మీద కన్వీనర్ కోటాలో ఇంటికి దగ్గరగా ఈసీఈ సీటు వచ్చింది. మర్నాటిలోగా ఆర్డర్‌లో చూపించిన ఫీజు కట్టి సెల్ఫ్ రిపోర్టింగ్, అంటే ఆ సీటు తీసుకుంటున్నామని ఆన్‌లైన్‌లో ఖాయం చేయాలి, లేకపోతే ఆ సీటు రద్దు. ఆయనకు మాత్రం అది అర్జెంటుగా కనబడలేదు. ఎవరో ఏజెంట్ "ఏఐఎంఎల్ మేనేజ్‌మెంట్ సీటు, ఈ రాత్రికి అడ్వాన్స్ కట్టకపోతే పోతుంది" అన్నాడట, ఆ కంగారు. తొందర ఏజెంట్‌ది, చెమటలు తండ్రికి!

ఆయనకు చెప్పింది మీకూ చెబుతాను. ముందు సెల్ఫ్ రిపోర్టింగ్ పూర్తి చేసి ప్రింట్ తీసుకోమన్నాను. ఇంకా మంచి సీటు కావాలంటే కౌన్సెలింగ్ తరువాతి విడతలో మళ్లీ కొత్తగా కాలేజీ, బ్రాంచి ఆప్షన్లు పెట్టాలి, పాతవి లెక్కలోకి రావు. కాబట్టి ఈసీఈ కంటే నిజంగా ఇష్టమైనవే పెట్టమన్నాను. ఎందుకంటే కొత్త సీటు వచ్చిందంటే పాతది ఇంకొకరికి పోతుంది, వెనక్కి అడిగినా ఇవ్వరు. "ఉంటే ఉందిలే" అని పెట్టిన ఆప్షన్ ఇక్కడే కొంప ముంచుతుంది. ఇక మేనేజ్‌మెంట్ కోటాలో చేరితే ఫీజు రీయింబర్స్‌మెంట్ రాదు. ఏజెంట్ ఈ మాట చెప్పడు.

ఏఐఎంఎల్, అంటే ఆర్టిఫిషియల్ ఇంటెలిజెన్స్, మెషీన్ లెర్నింగ్ బ్రాంచి మోజు గురించి నా అనుమానం దాచుకోను. జేఎన్‌టీయూహెచ్ సిలబస్‌లో సీఎస్‌ఈ, ఏఐఎంఎల్ పక్కపక్కన పెట్టి చూడండి. డేటా స్ట్రక్చర్స్, ఆపరేటింగ్ సిస్టమ్స్, డీబీఎంఎస్ రెండిట్లోనూ ఉంటాయి. తేడా ఎక్కువగా చివరి రెండేళ్లలోని కొన్ని సబ్జెక్టుల్లోనే. ఆ కొన్ని సబ్జెక్టులు చెప్పే మనుషులు ఆ కాలేజీలో ఉన్నారా అన్నదే అసలు ప్రశ్న. డిపార్ట్‌మెంట్‌కి వెళ్లి "మూడో ఏడాది మెషీన్ లెర్నింగ్ ఎవరు చెబుతారు, వాళ్లు ఎన్నేళ్లుగా ఇక్కడున్నారు" అని అడగండి. రిసెప్షన్‌లో బ్రోషర్ చేతికిచ్చి పంపేస్తే జవాబు దొరికినట్టే. ఈసీఈ చదువుతూ కోడింగ్ నేర్చుకుని సాఫ్ట్‌వేర్‌లో చేరినవాళ్లను ఏటా చూస్తున్నాను. మంచి టీచర్లున్న ఈసీఈ వదిలి, పేరు చూసి లక్షలు పోయమని నేను చెప్పలేను.

కోపం తెచ్చుకోకండి గానీ, పెళ్లిలో ఎవరో అన్నారనీ, పక్కింటివాళ్ల అబ్బాయి చేరాడనీ రాత్రి పదకొండింటికి అప్పు కోసం ఫోన్లు చేసే తల్లిదండ్రుల్ని చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. ఆ గదిలోనే కూర్చున్న పిల్లను "నీకేం కావాలి" అని ఒక్కరూ అడగరు. ఆ తండ్రి కూడా నేను అడిగితేనే ఫోన్ అమ్మాయికిచ్చారు. "అంకుల్, నాకు ఈసీఈ ఇష్టమే" అంది.

మీ విషయం ఇది కాకపోవచ్చు. లోన్ కావచ్చు, సర్టిఫికెట్ వెరిఫికేషన్‌లో ఇన్‌కమ్ సర్టిఫికెట్ తేడా కావచ్చు. ఏదైనా గడువు ఎప్పుడో తెలిస్తే దేనికి పరుగెత్తాలో, దేన్ని రేపటికి వదలాలో చెప్పగలను. ఈ రోజే చివరి తేదీ అయితే మిగతావేవీ వద్దు, "ఈ రోజే" అని ఒక్క మాట పంపండి. ర్యాంకు, కేటగిరీ ఫోన్‌లో అడుగుతాను.