మూడో వరుసలో రూక్, ఆరో గడిలో బంటు

అమ్మలూ,

నిన్న రాత్రి మీ నాన్న నీ స్కోర్ షీట్ ఫోటో తీసి పంపాడు. భోజనాలయ్యాక బోర్డు తీసి ఆటంతా మొదటినుంచి ఆడి చూశాను. మీ పెద్దమ్మమ్మ "ఈ వయసులో అర్ధరాత్రి ఏం యుద్ధం?" అని విసుక్కుంది. నాలుగ్గంటల ఆట, చివరి ఇరవై ఎత్తుల్లో డ్రా చేతిలో ఉంది, ఒక్క ఎత్తుతో పోయింది. ఫోన్లో మాట్లాడితే నువ్వు ఏడుస్తావేమోనని ఉత్తరం రాస్తున్నాను. బోర్డు ముందు పెట్టుకుని చదువు.

మా చిక్కడపల్లిలో పాతవాళ్ళు రూక్‌ని ఇప్పటికీ ఏనుగనే అంటారు. నీకు అలవాటైన మాటే వాడతాను, రూక్.

నీ ఆట 52వ ఎత్తు దగ్గర బోర్డు ఇలా ఉంది. నీవి నల్లవి. నీ రాజు e8 లో, రూక్ g6 లో. అవతలి అబ్బాయి రాజు d5, బంటు e5, రూక్ a7. ఎత్తు అతనిది. ఈ పొజిషన్‌కి ఫిలిడార్ పేరుంది. ఆయన ఫ్రాన్సులో ఒపెరాలు రాసిన సంగీతకారుడు, తన కాలంలో చదరంగంలో ఆయనకు ఎదురుండేది కాదు. 1777లో తన పుస్తకాన్ని పెంచి మళ్ళీ వేసినప్పుడు ఈ డ్రా పద్ధతిని అందులో పెట్టాడు. రెండొందల యాభై ఏళ్ళుగా ఎవరూ దీన్ని బద్దలు కొట్టలేదు. కాబట్టి ఆ అబ్బాయి బాగా ఆడి గెలిచాడని అనుకోకు.

ముందు నీ రూక్ g6 లో ఏం చేస్తోందో చూద్దాం. అది నీ వైపు నుంచి లెక్కపెడితే మూడో వరుస. బోర్డు మీద అంకె మాత్రం 6. తెల్లవి ఆడేటప్పుడు నీ మూడో వరుస అంటే నిజంగానే 3 అంకె ఉన్న వరుస. ఈ తికమకలో పిల్లలు రూక్‌ని అవతలి చివర పెట్టి కూర్చోవడం నేను చూశాను. రూక్ g6 లో ఉన్నంతసేపు తెల్ల రాజు d6 కి గానీ e6 కి గానీ అడుగు పెట్టలేదు. రాజు పైకి రాలేకపోతే బంటు ఒంటరిది. అందుకే ఇక్కడ నీకు చేయాల్సిన పనేమీ లేదు, రూక్‌ని ఆ వరుసలోనే g6, h6 అంటూ అటూ ఇటూ జరపడం తప్ప. తెల్ల రాజుకు అంటకుండా దూరంగా ఉంచితే చాలు. a8 లో చెక్ ఇస్తే రాజును e7 కి తీసుకురా, a7 లో ఇస్తే మళ్ళీ e8 కి పో. ఈ పని బోరు కొడుతుంది. ఆ బోరులోనే చాలామంది "ఏదో ఒకటి చేద్దాం" అనుకుని పాడు చేసుకుంటారు. నువ్వలా చేయలేదు, 46వ ఎత్తు నుంచి 52 దాకా చక్కగా ఓపిక పట్టావు.

ఇక 53లో అతను బంటును e6 కి తోశాడు. గెలవాలంటే అతనికి మిగిలిన దారి అదొక్కటే. బంటు e6 కి చేరిందంటే దానర్థం, g6 లోని నీ రూక్‌కు ఇక d6 కనబడదు, మధ్యలో బంటు అడ్డు. నువ్వు కాపలా కాసిన గుమ్మం మూతబడింది. ఆ క్షణమే రూక్ ఆ వరుస వదిలి బోర్డు అవతలి చివరకు, g1 కి పోవాలి. నువ్వు మాత్రం g5 లో చెక్ ఇచ్చావు.

ఎందుకిచ్చావో నాకు తెలుసు. చెక్ ఉంది కదా, ఇస్తే ఒక ఎత్తు సంపాదించినట్టే కదా అనిపిస్తుంది. నేను కూడా ఆ వయసులో చెక్ కనబడితే చేయి ఆపుకునేవాణ్ణి కాదు. కానీ చూడు, అతని రాజు d6 కి వచ్చింది. ఇప్పుడు a8 లో చెక్ ఇస్తే నీకు మేటే, ఎందుకంటే రాజు d7, e7 గడుల్ని, బంటు d7, f7 గడుల్ని కాస్తున్నాయి. ఆ బెదిరింపును ఆపాలంటే d నిలువు వరుస మీంచి చెక్ ఇవ్వాలి. g5 నుంచి నువ్వు d వరుసకు చేరగలిగేది d5 గడిలోనే. అక్కడికి వెళ్తే రాజే నీ రూక్‌ని తినేస్తుంది. రూక్‌ని g8 కి తెచ్చి కాపాడుకుందామంటే, a8 చెక్‌కు అడ్డుపడటానికి d8 దాకా రాలేదు, మధ్యలో నీ రాజే ఉంది. మేటే. నువ్వు రాజును f8 కి తీశావు. అతను a8 లో చెక్, నువ్వు g7, అతను e7. బంటు ఇక మంత్రి అవుతుంది.

అదే రూక్ g1 లో ఉంటే ఏమయ్యేదో ఇప్పుడు ఆడి చూడు. రాజు d6 కి వస్తే d1 లో చెక్. రాజు e5 కి పోతే e1 లో చెక్. f6 కి పోతే f1 లో చెక్. ఇలా చెక్‌లు పడుతూనే ఉంటాయి. రాజు విసిగి c5 వైపు నడిచిందనుకో, రూక్ e1 కి వెళ్ళి బంటును పట్టుకుంటుంది, దాన్ని కాపాడటానికి రాజు మళ్ళీ d6 కి రావాలి, వస్తే మళ్ళీ d1 లో చెక్. రూక్ అంత దూరం పోవాలన్నది దీనికోసమే. దగ్గరుంటే రాజు ఒక అడుగేసి రూక్‌నే బెదిరిస్తుంది, చెక్ ఇవ్వాల్సిన వేళ నువ్వు పారిపోవడానికి ఎత్తు ఖర్చు చేస్తావు.

ఇక్కడో ప్రశ్న నీకు రావాలి. అవతలి చివరి నుంచి చెక్‌లు అంత బాగుంటే, మొదట్లోనే g1 కి పోవచ్చు కదా, అంతసేపు మూడో వరుసలో కూర్చోవడం దేనికి? నేను ఈ ప్రశ్న అడగకుండానే ఒక ఆట పోగొట్టుకున్నాను. ఎనభైల్లో నాంపల్లిలో ఒక టోర్నమెంట్, ఎదుట ఒక బ్యాంకు గుమాస్తా. బంటు ఇంకా e5 లోనే ఉండగా రూక్‌ని కిందికి దించేశాను. రాజు d6 కి వచ్చింది, d1 లో చెక్ ఇచ్చాను, రాజు e6 కి జరిగింది. ఆపైన చెక్ ఇద్దామని చూస్తే e వరుసలో బంటు e5 లో నిలబడి ఉంది, రాజు దాని నీడలో. ఎండలో గొడుగు పట్టుకున్నట్టే. ఎదుట నా మొదటి వరుస మీద చెక్ బెదిరింపు, నా దగ్గర పనికొచ్చే చెక్ లేదు. బంటు e6 కి వచ్చాకైతే ఆ గొడుగు రాజుకు దొరకదు, అది ముందుకు పోయి ఉంటుంది, రాజు కింద నుంచి వచ్చే చెక్‌లకు తల దాచుకోలేదు. అతను బంటు తోయకముందు కదలకూడదు, తోశాక ఆగకూడదు.

నిజం చెప్పాలంటే, నాంపల్లి పొజిషన్ కూడా ఇంకా ఓడినది కాదు. రాజును f8, g7 అంటూ చిన్న వైపుకు, అంటే e బంటుకు తక్కువ గళ్ళున్న వైపుకు తీసుకెళ్ళి, రూక్‌తో పెద్ద వైపు నుంచి పక్క చెక్‌లు ఇస్తే నిలబడొచ్చు. కానీ అందులో ఒక్కో ఎత్తూ లెక్క చూసి ఆడాలి. రూక్‌ని మొదటి వరుసలో, రాజు పక్కనే పెట్టుకుని మౌనంగా కూర్చోవడం మాత్రం చేయకు. b, g బంట్ల మీద, a, h బంట్ల మీద అది నిలుస్తుంది గానీ మధ్య బంట్ల మీద ఓటమే, నీ రూక్ లేని వైపుకు తిరిగి రావడానికి వాళ్ళకు చోటుంటుంది.

ఇంకొక్క ఉచ్చు. నువ్వు మూడో వరుసలో తిరుగుతుంటే ఎవరైనా రూక్‌ని c7 మీదుగా c6 కి తెచ్చి మార్పిడికి పిలుస్తారు. రాజు d5 లో ఉంది కాబట్టి దానికి కాపు ఉంటుంది. భయపడకు, తీసుకో. రాజు c6 లో తిరిగి తీసుకున్నాక నీకు ఒకే ఒక్క ఎత్తు ఉంది, రాజు e7 కి. d8 కి గానీ f7 కి గానీ పోతే ఓడావు. రాజు d5 కి వస్తే నువ్వు d7 కి, ఎదురెదురుగా. e6 చెక్ పెడితే e7 కి, రాజు e5 కి వస్తే నేరుగా e8 కి, రాజు d6 కి వస్తే d8 కి, చివరికి స్టేల్‌మేట్. అంటే రూక్‌లు మారడానికి ముందే రాజు బంటు ఆట నీ బుర్రలో ఉండాలి. ఇది రాకుండా ఫిలిడార్ నేర్చుకున్నా సగమే.

హాల్లో ఆట పొడుగైనప్పుడు ఎత్తులు రాయడం మానకు. బంటు కదలకుండా, ఏ కాయా పోకుండా యాభై ఎత్తులు జరిగితే డ్రా అడగొచ్చు, ఒకే పొజిషన్ మూడుసార్లు వచ్చినా అడగొచ్చు. అడిగేటప్పుడు ఎత్తును షీట్ మీద రాసి, కాయ కదపకుండా, గడియారం ఆపి ఆర్బిటర్‌ని పిలవాలి. నువ్వు ఆడేశాక అడిగితే చెల్లదు. నీ షీట్‌లో 48, 49 ఎత్తులు ఖాళీగా ఉన్నాయి, అది నాకు నచ్చలేదు. ఆర్బిటర్‌కైనా అదే చూపించాలి కదా.

ఆదివారం పొద్దున మెట్రోలో వచ్చేయ్. నేను బోర్డు సర్ది ఉంచుతాను, నువ్వు తెల్లవైపు కూర్చో. రాజు d5, బంటు e5, రూక్ a7, ఎత్తు నీది. నన్ను ఓడించడానికి నీకెన్ని దారులు దొరుకుతాయో చూద్దాం. ఆపైన వైపు మార్చి, బంటు e4 లో ఉంచి ఇంకో నాలుగు ఆటలు. అప్పటికి టీ కూడా రెడీ అవుతుంది, ఉస్మానియా బిస్కెట్లు మీ పెద్దమ్మమ్మకు కనబడకుండా పక్కన పెట్టాను.

మీ పెద్దతాత