పెన్సిల్ కణమా, కొడవలి కణమా

"మా పాపకి రక్తం తక్కువుందని మిషన్ రిపోర్టులోనే వచ్చేసింది. మళ్ళీ స్మియర్ అని స్లైడ్ పరీక్ష ఎందుకు రాశారు? దాంట్లో కొత్తగా తెలిసేదేమైనా ఉంటుందా?"

ఉంటుంది. నేను హైదరాబాద్‌లో 22 ఏళ్ళుగా ల్యాబ్ టెక్నీషియన్‌గా పనిచేస్తున్నాను. మిషన్ ఇచ్చే ఎంసీవీ అంటే ఎర్ర కణాల సగటు సైజు. ఆ కణాలు ఏ ఆకారంలో ఉన్నాయో అది చెప్పలేదు. ఒక్క పిల్ల స్లైడ్ సంగతి చెప్తాను, మీకే అర్థమవుతుంది.

మూడేళ్ళ కిందట, వానాకాలం. ఆసిఫాబాద్ వైపు నుంచి ఒకాయన పదకొండేళ్ళ కూతుర్ని తీసుకొచ్చాడు. చేతిలో వేరే ల్యాబ్ వాళ్ళ పాత రిపోర్టు ఉంది. కణాలు చిన్నవి, పాలిపోయాయి, ఐరన్ లోపం అని రాసుంది. సిరప్ రెండు నెలలు తాగించి, విరేచనం నల్లగా అవుతోందని భయపడి మానేశారట. "రాత్రయితే కాళ్ళు గుంజుతున్నయని ఏడుస్తది మేడం, రక్తం లేక అట్లయితదా?" అని అడిగాడు. సూది గుచ్చుతూ, అవుతుండొచ్చు అన్నాను. ఆ మాట ఇప్పటికీ నన్ను పొడుస్తూనే ఉంటుంది.

మిషన్‌లో హిమోగ్లోబిన్ 7.4, ఎంసీవీ 67, ఆర్‌డీడబ్ల్యూ 24 వచ్చాయి. ఆర్‌డీడబ్ల్యూ అంటే కణాల సైజుల్లో తేడా ఎంతుందో చెప్పే అంకె, 15 దాటితే ఎక్కువని లెక్క. ఈ మూడు అంకెలూ చూసి ఎవరైనా ఐరన్ లోపమనే అంటారు. నేనూ అదే అనుకుని, రక్తపు చుక్కను గాజు మీద పలుచగా పరిచి స్లైడ్ లాగాను.

ఇక్కడ నాకో బాధ ఉంది. వానాకాలంలో స్లైడ్ సరిగ్గా ఆరదు. కణాలకు రంగు పట్టించే స్టెయిన్‌లో ఉండే మిథనాల్ గాలిలోని తేమను పీల్చుకుంటుంది. అప్పుడు మంచి కణాలకు కూడా మధ్యలో తెల్లటి గుంట పడి ఐరన్ లోపంలా కనబడతాయి. తేడా అంచులో ఉంటుంది. నిజంగా ఐరన్ తక్కువైన కణంలో నడిమి తెలుపు మెల్లగా ఎరుపులోకి కలిసిపోతుంది. తేమ వల్ల వచ్చిన గుంటకు పంచ్ కొట్టినట్టు అంచు తెగి ఉంటుంది, ఫోకస్ కొంచెం కదిపితే మెరుస్తుంది. ఫ్యాన్ కింద వెంటనే ఆరబెట్టి, మిథనాల్ సీసా మూత బిగించి ఉంచితే ఈ తిప్పలు సగం తప్పుతాయి. ఎన్ని ల్యాబుల్లో కుర్రాళ్ళకి ఈ మాత్రం నేర్పుతున్నారు? స్లైడ్ చూడకుండానే మిషన్ అంకెలు చూసి "మైక్రోసైటిక్", అంటే కణాలు చిన్నవని టైపు చేసి పంపే రిపోర్టులు నా చేతికి ఇప్పటికీ వస్తున్నాయి.

ఆ రోజు స్లైడ్ బాగానే వచ్చింది. కణాలు ఒకదానికొకటి తగులుతూ, మీద పడకుండా ఉండే పలుచటి జాగా వెతికి, ఆయిల్ చుక్క వేసి 100 లెన్స్ పెట్టాను. కణాలు చిన్నగా ఉన్నాయి, పక్కనున్న లింఫోసైట్ అనే చిన్న తెల్ల కణం న్యూక్లియస్ కంటే చిన్నవి. నడిమి తెలుపు మూడో వంతు దాటి, ఎరుపు సన్నటి గాజులా అంచుకే మిగిలింది. మధ్యమధ్యలో సన్నగా, పొడుగ్గా ఉన్న పెన్సిల్ కణాలు. ఐరన్ లోపానికి ఇంతకంటే ఏం కావాలి? రాసేయబోయాను.

లెన్స్‌లో ఒకసారికి కనబడే జాగాని ఫీల్డ్ అంటాం. అది జరిపితే ఒక పొడుగు కణం మిగతావాటిలా లేదు. పెన్సిల్ కణం పొడుగ్గా ఉన్నా పాలిపోయే ఉంటుంది, లోపల తెల్లటి గీత కనబడుతుంది, కొసలు మొద్దుగా ఉంటాయి. ఇది ముదురుగా, లోపల తెలుపన్నదే లేకుండా, రెండు కొసలూ సూదిగా, కాస్త వంగి ఉంది. స్లైడ్ లాగినప్పుడు సాగిందేమో అనుకున్నాను. అలా సాగితే చుట్టుపక్కల పొడుగు కణాలన్నీ ఒకే దిక్కుకు పడుంటాయి. ఇది అడ్డంగా ఉంది. మూడు నాలుగు ఫీల్డులకు ఒకటి చొప్పున ఇలాంటివి ఇంకా దొరికాయి. మధ్యలో చుక్క ఉన్న టార్గెట్ కణాలు ఐరన్ లోపంలో ఉండే కొన్నిటికంటే ఎక్కువగా ఉన్నాయి. ఒక ఎర్ర కణంలో న్యూక్లియస్ తాలూకు ముదురు చుక్క మిగిలి ఉంది. ఆ చుక్కను స్ప్లీన్, అంటే ప్లీహం, ఏరిపారేయాలి. స్ప్లీన్ పని తగ్గినప్పుడే అది ఎక్కువగా రక్తంలో కనబడుతుంది. ఐరన్ లోపంతో దానికి సంబంధం లేదు.

ఆ ముదురు వంకర కణాలే కొడవలి కణాలు, సికిల్ సెల్ జబ్బు గుర్తు. అవి ఎందుకంత అరుదుగా దొరికాయంటే, గాలి తగిలిన రక్తంలో చాలా కణాలు మళ్ళీ గుండ్రంగా అయిపోతాయి. ఎన్నోసార్లు వంగి వంగి, పొర బిగుసుకుపోయినవే స్లైడ్ దాకా అలా మిగులుతాయి. పైగా మన దేశంలోని సికిల్ రోగుల్లో చాలామందికి పిండంలో ఉండే హిమోగ్లోబిన్ ఎఫ్ పెద్దయ్యాక కూడా ఎక్కువే ఉంటుంది, అది కణాలను వంగనివ్వకుండా కొంత ఆపుతుంది. అందుకే పది ఫీల్డులు చూసి లేవకూడదు.

మా పాథాలజిస్టు మేడంని పిలిచాను. ఆమె రెండు నిమిషాలు చూసి, "కాళ్ళ నొప్పులేమైనా ఉన్నాయా అడిగావా?" అంది. అడగలేదు, ఆయనే చెప్పాడు.

సికిల్ హిమోగ్లోబిన్ ఉందో లేదో చూసే సాల్యుబిలిటీ టెస్టు పెట్టాం. హిమోగ్లోబిన్ తక్కువున్న రక్తాన్ని ఉన్నదున్నట్టు వేస్తే అది తప్పుగా నెగెటివ్ చూపించొచ్చు, అందుకని ప్లాస్మా తీసేసి కణాల మోతాదు పెంచి వేశాం. ట్యూబు వెనక గీతలు కనబడనంతగా మసకబారింది. కానీ ఈ టెస్టు ఒక జీన్ ఉన్న క్యారియర్‌లోనూ మసకబారుతుంది కాబట్టి, హిమోగ్లోబిన్ రకాలను విడదీసి కొలిచే హెచ్‌పీఎల్‌సీకి పంపాం. సికిల్ తాలూకు హిమోగ్లోబిన్ ఎస్ 73 శాతం, ఎఫ్ 21 శాతం, మామూలు ఏ దాదాపు లేదు. ఒంట్లో ఐరన్ నిల్వ ఎంతుందో చెప్పే ఫెరిటిన్ 6 వచ్చింది, బాగా తక్కువ. అంటే పాత రిపోర్టు చెప్పిన ఐరన్ లోపం అబద్ధం కాదు. పిల్లకు రెండూ ఉన్నాయి.

ఇంకో మెలిక మిగిలింది. సికిల్ జీన్ ఒకటి, హిమోగ్లోబిన్ తయారీని తగ్గించే బీటా తలసీమియా జీన్ ఒకటి కలిసినా కణాలు చిన్నగానే ఉంటాయి, హెచ్‌పీఎల్‌సీ కూడా ఇంచుమించు ఇలాగే వస్తుంది. తల్లిని కూడా పిలిపించి ఇద్దరికీ పరీక్ష చేశాం. ఇద్దరి ఎంసీవీ 80 పైనే, ఇద్దరికీ ఏ ఎక్కువ, ఎస్ తక్కువ. ఇద్దరూ సికిల్ క్యారియర్లే, పిల్లకు రెండు వైపులా సికిల్ జీనే వచ్చింది. వాళ్ళ స్లైడులు కూడా చూశాను. ఒక్క వంకర కణం లేదు, అచ్చం మామూలు రక్తంలా ఉన్నాయి. అందుకే "స్లైడ్‌లో కొడవలి కణాలు లేవు కాబట్టి సికిల్ లేదు" అని ఎవరైనా అంటే నమ్మకండి. క్యారియర్ సంగతి తేల్చేది హెచ్‌పీఎల్‌సీయే.

సికిల్ ఉన్నవాళ్ళకి ఫెరిటిన్ చూడకుండా ఐరన్ పోయడం నాకు అస్సలు నచ్చదు. పదే పదే రక్తం ఎక్కించుకున్నవాళ్ళ ఒంట్లో ఐరన్ ఇప్పటికే పేరుకుని ఉంటుంది. ఈ పిల్లకు ఎప్పుడూ రక్తం ఎక్కించలేదు, ఫెరిటిన్ 6 ఉంది కాబట్టి డాక్టరు గారు ఐరన్ ఇచ్చారు. హిమోగ్లోబిన్ ఎఫ్‌ని పెంచే హైడ్రాక్సీయూరియా మందు కూడా మొదలుపెట్టారు. విరేచనం నల్లగా అవడం ఐరన్ మందు వల్లేనని ఆ తండ్రికి ఈసారి నేనే కూర్చోబెట్టి చెప్పాను.

నాలుగు నెలలకు మళ్ళీ వచ్చారు. హిమోగ్లోబిన్ 9.1, ఎంసీవీ 82. స్లైడ్ నేనే లాగాను. పెన్సిల్ కణాలు ఒక్కటీ లేవు, గాజుల్లాంటి కణాలు నిండుగా ఎర్రబడ్డాయి. వాటి మధ్య, ఐదారు ఫీల్డులకు ఒకటి చొప్పున, ఆ ముదురు కొడవళ్ళు అలాగే ఉన్నాయి.