కొత్త ఉద్యోగులకు చూపించే వీడియోకి స్క్రిప్ట్ ఎలా రాయాలి?

ప్రశ్న: మా కంపెనీలో 350 మంది ఉంటారు. కొత్తగా చేరేవాళ్ళకు చూపించే వీడియోకి స్క్రిప్ట్ రాయమన్నారు. ఆత్మీయంగా ఉండాలట, రూల్స్ అన్నీ రావాలట, ఐదు నిమిషాలు దాటకూడదట. ఎక్కడ మొదలుపెట్టాలి?

జవాబు: ముందు ఏ రూల్స్ వీడియోలోకి రాకూడదో తేల్చుకోండి. తెలుగులో తీరిగ్గా చదివితే ఐదు నిమిషాల్లో దాదాపు ఐదు వందల మాటలే పడతాయి. మధ్యమధ్య దృశ్యానికి ఊపిరి ఇవ్వాలంటే ఇంకా తక్కువే.

నేను రాసింది మందుల ప్యాకింగ్ యూనిట్‌కి. ప్రతి డిపార్ట్‌మెంటూ ఒక జాబితా ఇచ్చింది. ప్రతి రూల్ దగ్గరా ఒకటే అడిగాను: ఇది తెలియకపోతే మొదటి వారంలోనే ఇబ్బంది వస్తుందా? పీఎఫ్ బదిలీ, ప్రయాణ బిల్లుల్లాంటివి కరపత్రంలోకి వెళ్ళిపోయాయి. లైన్ దగ్గర భద్రత, సెలవు చెప్పే పద్ధతి, వేధింపులపై ఫిర్యాదు మిగిలాయి.

ఆత్మీయత కోసం స్వాగత వాక్యాలు పెంచకండి, రూల్ చెప్పే తీరు మార్చండి. మాకిచ్చిన వాక్యం ఇది: "ఉత్పత్తి విభాగంలో ఆభరణాలు ధరించుట నిషేధం." దాన్ని ఇలా రాశాను:

"లైన్ దగ్గరికి వెళ్ళేముందు ఉంగరం, వాచీ, గాజులు తీసి లాకర్లో పెట్టండి. ఉంగరం కన్వేయర్‌లో చిక్కుకుంటే వేలికే ప్రమాదం. తాళి తీయనక్కర్లేదు, గౌను లోపలికి వేసుకుని పై గుండీ పెట్టుకోండి."

ఆ చివరి వాక్యం మా యూనిట్ పద్ధతి. మీ దగ్గర ఎలాగో సూపర్‌వైజర్‌ని అడిగి రాయండి. చేరిన ఆడవాళ్ళ మనసులో ఉండి, అడగడానికి మొహమాటపడే ప్రశ్న అదే. అడక్కముందే జవాబు దొరికితే టెన్షన్ సగం తగ్గుతుంది.

వేధింపుల భాగాన్ని మాత్రం మెత్తబరచకండి. అక్కడ సంగీతం ఆపేయండి. పనిచోట మహిళలపై లైంగిక వేధింపులను అరికట్టే 2013 చట్టం ప్రకారం పది మంది లేదా అంతకంటే ఎక్కువ మంది పనిచేసే ప్రతిచోటా అంతర్గత కమిటీ ఉండాలి. సంఘటన జరిగిన మూడు నెలల్లోపు రాతపూర్వకంగా ఫిర్యాదు ఇవ్వాలి, తగిన కారణముంటే కమిటీ ఇంకో మూడు నెలల వరకు గడువు పెంచవచ్చు. స్వయంగా రాయలేకపోతే కమిటీ వాళ్ళే సాయం చేయాలి. "రాయడం రాకపోయినా పర్వాలేదు, మీరు చెప్పండి, మేం రాసిపెడతాం" అని కమిటీ సభ్యురాలి చేతనే చెప్పించండి. ఎండీ గారి ఉపన్యాసం కన్నా ఆ ఒక్క మాటకే బలం ఎక్కువ.

కాగితాన్ని రెండు నిలువు గడులుగా చేసి ఎడమవైపు కనిపించేది, కుడివైపు వినిపించేది రాయండి. తెరమీద లాకర్ కనబడుతుంటే "ఇదే లాకర్ గది" అని చెప్పక్కర్లేదు. నిడివి అక్కడే బాగా తగ్గుతుంది.

షూటింగ్‌కి ముందు కొత్తగా చేరిన ఇద్దరికి స్క్రిప్ట్ చదివి వినిపించండి. కాసేపాగి "రేపు జ్వరమొస్తే ఎవరికి చెబుతావు?" అని అడగండి. తడబడితే ఆ వాక్యం తిరగరాయాలి. కమిటీ సభ్యుల పేర్లు, ఫోన్ నంబర్లు మాటల్లో పెట్టకండి, చివర ఒక స్లైడ్‌గా ఉంచండి. మనుషులు మారినప్పుడు ఆ స్లైడ్ ఒక్కటే మార్చుకోవచ్చు.