పదకొండు వేల మందిలో షాపు మెట్లు ఎక్కేది ఎందరు?

ప్రశ్న: మాది రాజమహేంద్రవరం. ప్రైవేటు ఆఫీసులో పని చేస్తున్నాను. జీతం నెలకు 18,000 రూపాయలు, పీఎఫ్, ఈఎస్‌ఐ ఉన్నాయి. చేనేత చీరల గురించి ఇన్‌స్టాగ్రామ్‌లో రీల్స్ చేస్తుంటాను. 11,600 మంది ఫాలోవర్లు ఉన్నారు. ఊళ్లో ఒక చీరల షాపు వాళ్లు రీల్ చేస్తే 3,000 రూపాయలు, ఒక చీర ఇస్తామన్నారు. లింకులు పెట్టి కమీషన్ తీసుకోమని, నెలకు 99 రూపాయల గ్రూపు పెట్టమని స్నేహితులు చెబుతున్నారు. నిజంగా ఎంత వస్తుంది? 48,000 రూపాయల ఫోను వాయిదాల మీద కొనవచ్చా? ఉద్యోగం మానేయవచ్చా?
– ఒక పాఠకురాలు

జవాబు: ఉద్యోగం ఇప్పుడు మానకండి, ఫోను ఇప్పుడు కొనకండి. షాపు వాళ్ల రీల్ మాత్రం చేయండి. ఎందుకో లెక్క వేసి చూద్దాం. మీ పేజీ అంకెలు నేను చూడలేదు కాబట్టి కొన్ని ఊహించి రాస్తున్నాను. వాటి స్థానంలో మీవి పెట్టుకుని మళ్లీ లెక్క కట్టుకోండి.

ముందుగా 11,600 అనే అంకెను పక్కన పెట్టండి. మీ పేజీ ఇన్‌సైట్స్‌లోకి వెళ్లి చివరి 11 రీల్స్ ఒక్కొక్కటి ఎంతమందికి చేరిందో కాగితం మీద రాయండి. చిన్న అంకె నుంచి పెద్ద అంకె వరకు వరుసగా పేర్చి మధ్యలో ఉన్నదాన్ని తీసుకోండి. సగటు కట్టవద్దు. కుచ్చిళ్లు సర్దడం మీద చేసిన ఒక్క రీల్ లక్షన్నర మందికి చేరిందనుకోండి, అది సగటును ఎక్కడికో లాక్కుపోతుంది. ఆ లక్షన్నరలో ఎక్కువ మంది మీ ఊరి పేరైనా విని ఉండరు. మధ్య అంకె 2,600 వచ్చిందనుకుందాం. మీ రీల్ మామూలుగా చేరేది అంతమందికే.

అక్కడే ఫాలోవర్లు ఏయే ఊళ్ల వారో కూడా కనిపిస్తుంది. రాజమహేంద్రవరం, కాకినాడ కలిపి 30 శాతం ఉన్నారనుకుందాం. 2,600లో 30 శాతం అంటే 780. ఇది ఫాలోవర్ల వాటా, చూసినవారి వాటా కాదు, కాబట్టి ఉజ్జాయింపు మాత్రమే. అయినా షాపు యజమానికి పనికొచ్చే అంకె ఇదే. హైదరాబాద్‌లో ఉన్నవారు రీల్‌ను ఎంత మెచ్చుకున్నా తాడితోట దాకా వచ్చి చీర కొనరు కదా.

ఇక షాపు వైపు నుంచి చూడండి. ఫాలోవర్ల సంఖ్యను బట్టి రేటు చెప్పేవారు చాలామంది ఉన్నారు. నేను దాన్ని ఒప్పుకోను. మీకు డబ్బు వచ్చేది షాపు లాభంలోంచి. అందుకే రేటు కూడా అక్కడి నుంచే కట్టాలి. ఆ షాపులో చీర సగటున 2,500 పలుకుతుందని, అందులో 25 శాతం మిగులుతుందని అనుకుంటే చీరకు లాభం 625 రూపాయలు. మీ పేరు చెప్పి వచ్చినవారికి ఫాల్, పికో ఉచితంగా వేయించి ఇస్తే ఓ వంద పోయి 525 మిగులుతుంది. ఆ 780 మందిలో ఆరుగురు వచ్చి కొన్నారనుకోండి, షాపుకు మిగిలేది 3,150. అందులోంచి మీకు 3,000 ఇచ్చి పైన చీర కూడా పెడితే యజమానికి నష్టమే. ఈసారి మొహమాటానికో కొత్త ఉత్సాహంతోనో ఇస్తారు, మళ్లీ పిలవరు.

వాళ్లంతట వాళ్లే ఇస్తామన్న మొత్తాన్ని తగ్గించి తీసుకోమని నేను అనను, తీసుకోండి. కానీ 3,000ను పన్నెండుతో గుణించి అదే మీ ఏడాది ఆదాయమని అనుకోవద్దు. ఈ రీల్‌ను ఒక పరీక్షగా వాడుకోండి. రీల్‌లో ఒక గుర్తు మాట చెప్పండి. ఆ మాట చెప్పినవారికే ఉచిత ఫాల్, పికో. గల్లా పెట్టె దగ్గర ఒక చిన్న నోటుపుస్తకం పెట్టించి, ఆ మాట చెప్పిన ప్రతి ఒక్కరి ఎదురుగా తేదీ, బిల్లు మొత్తం రాయమనండి. పదిహేను రోజుల తర్వాత మీరే వెళ్లి లెక్కపెట్టండి. గుర్తు మాట మరిచిపోయి కొనేవారు కొందరుంటారు, మీరు చెప్పకపోయినా వచ్చేవారు కొందరుంటారు. ఆ రెండు తప్పులూ కొంతవరకు ఒకదానికొకటి సరిపోతాయి. ఆరుగురు వచ్చారా, ఇద్దరేనా, పదిహేను మందా అన్నది తేలితే చాలు.

ఆరుగురు వచ్చారనుకుంటే రెండోసారి ఇలా అడగండి: రీల్‌కు 1,000 రూపాయలు, నోటుపుస్తకంలో పడిన ప్రతి అమ్మకానికి 150. మీకు 1,900 వస్తుంది, షాపుకు 1,250 మిగులుతుంది, మూడోసారి వాళ్లే ఫోను చేస్తారు. షాపుకు వెళ్లిరావడం, ఎడిటింగ్, మార్పులు, కామెంట్లకు జవాబులు కలిపితే ఒక రీల్‌కు తొమ్మిది గంటలు పడుతుంది. ఆటో ఖర్చు 200 తీసేస్తే గంటకు దాదాపు 190 రూపాయలు. నెలకు 26 రోజులు, రోజుకు ఎనిమిది గంటల చొప్పున చూస్తే మీ ఉద్యోగంలో గంటకు వచ్చేది 87 రూపాయలు. అయితే ఉద్యోగమే నయమని ఎందుకంటున్నానంటే, గంటలు పెంచుకోవచ్చు గానీ షాపులను పెంచుకోలేరు. నెలకు రెండు ప్రకటన రీల్స్ దాటితే చూసేవారికి మీ మాట మీద గురి తగ్గుతుంది. శ్రావణం, దసరా, సంక్రాంతి ముందు షాపులు ఖర్చు పెడతాయి, మిగతా నెలల్లో పిలుపులు రావు.

ఇచ్చిన చీర సంగతి కూడా చూసుకోవాలి. అది మీరు ఉంచుకుంటే ఆదాయం కిందకే వస్తుంది. డబ్బు తీసుకున్నా, చీర తీసుకున్నా, తగ్గింపు ధరకు కొన్నా అది ప్రకటన అని చూసేవారికి చెప్పాలి. కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ 2023 జనవరిలో ఇచ్చిన మార్గదర్శకాల ప్రకారం వీడియో అయితే ఆ మాట తెర మీద కనిపించాలి, నోటితో కూడా చెప్పాలి. కింద హ్యాష్‌ట్యాగుల గుంపులో దాచితే చాలదు. మరో మాట, ఉప్పాడ జాందానీ అని చూపిస్తున్న చీరను కెమెరా ముందు తిరగేసి చూపండి. నిజమైన జాందానీలో బుటా వెనకవైపు కూడా శుభ్రంగా ఉంటుంది, తెగిన పోగులు వేలాడవు. తిరగేయడానికి షాపు వాళ్లు ఒప్పుకోకపోతే ఆ రీల్ చేయకండి, ఎంత ఇస్తామన్నా సరే.

లింకుల మీద కమీషన్ గురించి పెద్దగా చెప్పేదేమీ లేదు. స్టోరీని 900 మంది చూస్తే 35 మంది లింకు నొక్కుతారు, ఇద్దరు కొంటారు, ఒకరు వెనక్కి పంపుతారు అనుకోండి. వెనక్కి వెళ్లినదానికి కమీషన్ ఉండదు. మిగిలిన 900 రూపాయల వస్తువు మీద 5 శాతం అంటే 45 రూపాయలు. మీరు రోజూ వాడే చీరల కవర్లు, స్టీమర్ లాంటివైతే లింకు పెట్టండి, నెలకు రెండు మూడు వందలు వస్తే సంతోషించండి. ఇంతకన్నా మేలైన కమీషన్ ఊళ్లోనే ఉంది. హైదరాబాద్, బెంగళూరు, విదేశాల్లో ఉన్నవారు చీర కావాలని మీకు మెసేజ్ పెడితే షాపు నంబరు ఇవ్వండి, ఆ అమ్మకం మీద 8 శాతం మాట్లాడుకోండి. 2,500 చీర మీద 200 వస్తుంది. నెలకు అయిదు కుదిరితే వెయ్యి. కానీ కొనేవారి డబ్బు మీ ఖాతాలో మాత్రం పడనివ్వకండి. డబ్బు మీకు చేరిందంటే వారి దృష్టిలో అమ్మింది మీరే. రంగు వెలిసినా, పార్సిల్ పోయినా సమాధానం చెప్పుకోవాల్సిందీ మీరే.

99 రూపాయల గ్రూపు విషయంలో ఫాలోవర్లను కాక, అడిగేవారిని లెక్కపెట్టండి. మూడు నెలల మెసేజ్‌లు వెనక్కి తిప్పి, రెండుసార్లకు మించి ఏదైనా వివరంగా అడిగినవారి పేర్లు రాయండి. అరవై పేర్లు తేలితే అందులో పదిహేను మంది చేరవచ్చు. పదిహేను 99లు 1,485. రోజుకు అరగంట జవాబులకు పోతే నెలకు పదిహేను గంటలు, అంటే గంటకు 99 రూపాయలు. అది కూడా ఎవరూ మానకుండా ఉంటేనే. ఇలాంటి గ్రూపుల్లో రెండో నెలకే కొందరు జారిపోతారు, మిగిలినవారి కోసం మీరు జ్వరం వచ్చిన రోజు కూడా మాట్లాడాలి.

దానికి బదులు ఒక ఆదివారం రెండు గంటల ఆన్‌లైన్ తరగతి పెట్టండి. చేనేతను ఎలా గుర్తుపట్టాలి, జరీ చీర ఎలా దాచాలి, ఏది ఇంట్లో ఉతకవచ్చు, ఏది ఉతకకూడదు అన్నవి చెప్పండి. రుసుము 299. పద్దెనిమిది మంది వస్తే చెల్లింపుల సంస్థ రుసుములు పోగా దాదాపు 5,250 మీ చేతికి వస్తుంది, మర్నాటి నుంచి మీరు ఎవరికీ బాకీ ఉండరు. ముందుగా ఆ అరవై మందికే చెప్పండి. వారిలో అయిదుగురు కూడా కట్టకపోతే నెలవారీ గ్రూపు ఆలోచన వదిలేయండి. ఏడాది చందా ముందే ఇస్తామని ఎవరైనా అన్నా తీసుకోవద్దు. ఇంకా చేయని పని తాలూకు డబ్బు అది, తిరిగి ఇవ్వాల్సి రావచ్చు.

ఇప్పుడు అన్నీ కలిపితే: రెండు రీల్స్ మీద 3,800, చీరల కమీషన్ 1,000, లింకులు 300, రెండు నెలలకొక తరగతి కాబట్టి నెలకు 2,600. మొత్తం 7,700. ఇది పండుగ నెల లెక్క. మామూలు నెలలో ఇందులో సగం వస్తే బాగున్నట్టే. ఆ సగం మీ జీతంలో మూడో వంతు కూడా కాదు. పైగా ఉద్యోగం మానితే పీఎఫ్‌లో యజమాని వేసే వాటా ఆగిపోతుంది, ఈఎస్‌ఐ మీద మీకూ ఇంట్లోవారికీ ఉన్న వైద్యం పోతుంది. ఆ వైద్యానికి బదులుగా కుటుంబానికి ఆరోగ్య బీమా కొనాలంటే ప్రీమియం ఎంత అవుతుందో ఒకసారి అడిగి చూడండి, మీకే అర్థమవుతుంది. ఏడాది పాటు నెలనెలా వచ్చింది రాసి, అన్నిటికన్నా తక్కువ వచ్చిన మూడు నెలల సగటు చూడండి. దాంతో ఇల్లు గడుస్తుందని తేలిన రోజు ఉద్యోగం గురించి మళ్లీ రాయండి.

పన్ను గురించి భయపడాల్సింది లేదు. జీతం, ఇది కలిపినా పన్ను పడే స్థాయికి మీరు రారు. జీఎస్టీ రిజిస్ట్రేషన్ సేవలకు 20 లక్షల వార్షిక టర్నోవర్ దాటితేనే. కమీషన్ ఇచ్చేవారు ఎవరైనా టీడీఎస్ కోసి ఉంటే రిటర్న్ వేసి వెనక్కి తీసుకోండి. ఈ డబ్బంతా పడేందుకు వేరే సేవింగ్స్ ఖాతా తెరవండి, ఇంటి ఖర్చుల ఖాతాలో కలిపేస్తే ఎంత వచ్చిందో ఎన్నటికీ తేలదు.

ఫోను వాయిదా ఏడాదికి పెట్టుకుంటే నెలకు 4,000 పైనే పడుతుంది. అంటే మామూలు నెల సంపాదన మొత్తం దానికే పోతుంది. ఇప్పుడున్న ఫోనుతోనే కిటికీ పక్కన, పగటి వెలుగులో తీయండి. చీర అసలు రంగు అక్కడే బాగా కనిపిస్తుంది. షాపులో మాట సరిగా వినబడటం లేదనిపిస్తే కాలరు మైకు కొనండి, వెయ్యి పదిహేను వందల్లో వస్తుంది. కొత్త ఖాతాలో 48,000 జమ అయిన రోజున ఆ ఫోను రొక్కానికే కొనుక్కోండి.