చార్టులో పెద్ద మెట్టు చూసి మోసపోకండి

ప్రశ్న: డేటా అనలిస్ట్ ఇంటర్న్‌గా చేరి రెండు నెలలైంది. మా యాప్ సైన్-అప్‌ల ఫనల్ చార్టును వచ్చే వారం మేనేజర్‌కు వివరించాలి. పోయినసారి ప్రతి అంకె చదివి వినిపించాను. ఆయన అంతా విని "అయితే ఇప్పుడు ఏం చేయాలి?" అన్నారు. నా దగ్గర జవాబు లేదు. ఈసారి ఎలా చెప్పాలి?

జవాబు: ఫనల్ అంటే గరాటు. అసలు గరాటులో పోసిందంతా కిందికే దిగుతుంది, మీ చార్టు మాత్రం చిల్లులు పడ్డ గరాటు. మేనేజర్‌కు కావలసింది గరాటు వర్ణన కాదు. ఏ చిల్లు పూడ్చాలి, అది నిజంగా చిల్లేనా అన్నది తెలియాలి ఆయనకు. మీరు అంకెలు పంపలేదు కాబట్టి ఒక ఉదాహరణ తీసుకుని చివరిదాకా లెక్క వేద్దాం.

ఒక వారంలో యాప్ తెరిచినవాళ్లు 10,000. వాళ్లలో సైన్-అప్ నొక్కినవాళ్లు 6,200, ఫోన్ నంబరు ఇచ్చినవాళ్లు 5,400, ఓటీపీ దాటినవాళ్లు 3,100, ప్రొఫైల్ పూర్తి చేసినవాళ్లు 2,800. చార్టు చూడగానే కన్ను మొదటి మెట్టు మీదే పడుతుంది, అక్కడే 3,800 మంది పోయారు కాబట్టి. కొత్తవాళ్లు చాలామంది దాని గురించే మాట్లాడి మీటింగ్ అంతా ఖర్చు చేస్తారు. ఆ 3,800 మందిలో ఊరికే చూసి పోదామని వచ్చినవాళ్లుంటారు. ఫోన్ మార్చి యాప్ మళ్లీ వేసుకున్న పాత యూజర్లూ ఉంటారు. వాళ్లు సైన్-అప్ నొక్కరు, లాగిన్ నొక్కుతారు. చార్టు దృష్టిలో వాళ్లు పోయినవాళ్లే, నిజానికి లోపలే ఉన్నారు. అందుకే మొదటి మెట్టు లెక్కించేముందు లాగిన్ అయినవాళ్లను తీసేయండి.

ఓటీపీ మెట్టు సంగతి వేరు. నంబరు ఇచ్చారంటే చేరాలనే వచ్చారు. అలా వచ్చిన 5,400 మందిలో 2,300 మంది అక్కడే ఆగిపోయారు, అంటే వందకు 43 మంది. దాని ముందు మెట్టులో పోయింది వందకు 13 మంది, తర్వాతి మెట్టులో 10 మంది. మీరు తవ్వాల్సింది ఇక్కడే.

తవ్వడమంటే ఆ మెట్టును ముక్కలు చేసి చూడటం. ముందు ఫోన్ రకాన్ని బట్టి విడదీయండి. ఐఫోన్‌లో నంబరు ఇచ్చినవాళ్లు 1,400, దాటినవాళ్లు 1,190, అంటే 85 శాతం. ఆండ్రాయిడ్‌లో 4,000కు 1,910, 48 శాతం. ఇప్పుడు ఆండ్రాయిడ్‌ను యాప్ వెర్షన్‌ను బట్టి విడదీయండి. పాత వెర్షన్‌లో 1,800కు 1,294, అంటే 72 శాతం. కొత్త వెర్షన్‌లో 2,200కు 616, అంటే 28 శాతమే. 'ఓటీపీ దగ్గర యూజర్లు పోతున్నారు' అన్న మాట కాస్తా 'ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్‌లో పోతున్నారు' అయింది. వెర్షన్లను పోల్చేటప్పుడు రెండూ వాడుకలో ఉన్న రోజులనే తీసుకోండి. కొత్త వెర్షన్ వారం మధ్యలో విడుదలైతే, సోమవారం పాతదాన్నీ శుక్రవారం కొత్తదాన్నీ పక్కపక్కన పెట్టినట్టవుతుంది.

ఇక్కడితో ఆగి మేనేజర్ దగ్గరికి పరిగెత్తొద్దు. 28 శాతం అన్న అంకె రెండు రకాలుగా పుట్టొచ్చు. యూజర్లు నిజంగా ఆగిపోయి ఉండొచ్చు. లేదా వాళ్లు దాటినా, దాటినట్టు నమోదు కాకపోయి ఉండొచ్చు. రెండోది మీరనుకునే దానికన్నా ఎక్కువసార్లు జరుగుతుంది. ఓటీపీ సరిపోయేదాకా ఆ మనిషికి `user_id` ఉండదు, `device_id`తోనే లెక్క నడుస్తుంది. సరిపోయాక `user_id` వస్తుంది. కొత్త వెర్షన్‌లో ఈ రెండింటినీ కలిపే కోడ్ తప్పిందంటే, ఒకే మనిషి చార్టులో ఇద్దరవుతాడు: నంబరు ఇచ్చి మాయమైనవాడొకడు, ఎక్కడి నుంచో ఊడిపడినవాడొకడు.

తేల్చుకోవడం సులువే. ఓటీపీ సరిపోగానే మీ సర్వర్ `users` టేబుల్‌లో ఒక వరుస చేరుస్తుందనుకుందాం. ఈవెంట్లను పక్కనపెట్టి నేరుగా ఆ టేబుల్‌నే లెక్కపెట్టండి.

```sql
SELECT app_version, COUNT(*)
FROM users
WHERE platform = 'android'
  AND created_at >= '2025-03-03'
  AND created_at <  '2025-03-10'
GROUP BY app_version;
```

పట్టికల పేర్లు, తేదీలు మీవి పెట్టుకోండి. కొత్త వెర్షన్ ఎదురుగా 600 దరిదాపుల్లో వస్తే యూజర్లు నిజంగానే పోతున్నారు. 1,500 దాటి వస్తే యూజర్లు బాగానే చేరుతున్నారు, పాడైంది మీ కొలత. మొదటిదైతే యాప్ సరిచేయాలి, రెండోదైతే ట్రాకింగ్ సరిచేయాలి. ఈ ఒక్క క్వెరీ వేయకుండా మీటింగ్‌కు వెళితే డెవలపర్లను లేని బగ్ వెనక తిప్పే ప్రమాదం ఉంది.

నిజంగానే పోతున్నారని తేలిందనుకుందాం. చార్టు ఎక్కడో చెబుతుంది, ఎందుకో చెప్పదు. కారణం వైపు ఒక అడుగు మీరే వేయొచ్చు. ఎస్సెమ్మెస్ ఆలస్యమే కారణమైతే అదే రోజుల్లో పాత వెర్షన్ కూడా పడిపోవాలి, పడలేదు. కాబట్టి అనుమానం కొత్త వెర్షన్ స్క్రీన్ మీదికి వెళ్తుంది. సర్వర్ లాగ్‌లో ఓటీపీ తప్పని తిరస్కరించిన ప్రయత్నాలు ఎక్కువుంటే యూజర్ కొట్టిన ఓటీపీని సర్వర్‌కు పంపడంలోనో పోల్చడంలోనో లోపం. ప్రయత్నాలే లేకపోతే కొట్టడానికే వీలు కావడం లేదు, గడి కీబోర్డు కింద దాగి ఉండొచ్చు. ఆ వెర్షన్ ఫోన్‌లో వేసి మీరే ఒకసారి సైన్-అప్ చేసి చూడండి, ఐదు నిమిషాల పని.

ఇక చెప్పే తీరు. చార్టును పైనుంచి కిందికి చదవొద్దు. శీర్షిక 'సైన్-అప్ ఫనల్' అని పెట్టొద్దు, తేలిన సంగతే పెట్టండి: 'ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్‌లో ఓటీపీ దాటేది వందకు 28 మందే'. కింద అడ్డగీతల బార్లు చాలు. గరాటు ఆకారంలో గీస్తే వైశాల్యం కంటిని మోసం చేస్తుంది. మాట ఇలా మొదలుపెట్టొచ్చు:

"సార్, నంబరు ఇచ్చినవాళ్లలో సగానికి దగ్గరగా ఓటీపీ దగ్గరే ఆగిపోతున్నారు. ప్రధానంగా ఆండ్రాయిడ్ కొత్త వెర్షన్‌లోనే. సర్వర్ లెక్కతో సరిచూశాను, నిజమే. పాత వెర్షన్ స్థాయికి తెస్తే వారానికి సుమారు 870 మంది ఎక్కువ చేరొచ్చు."

ఆ 870 ఎలా వచ్చిందో అడుగుతారు, సిద్ధంగా ఉండండి. 2,200లో 72 శాతం 1,584. ఇప్పుడున్న 616 తీసేస్తే 968. ఓటీపీ దాటినవాళ్లలో ప్రొఫైల్ పూర్తి చేసేది 90 శాతం కాబట్టి 871. కొత్తగా దాటేవాళ్లూ అంతే శ్రద్ధగా పూర్తి చేస్తారన్న ఊహ ఇందులో ఉంది, ఆ మాట కూడా మీరే ముందు చెప్పేయండి.

శాతం చెప్పిన ప్రతిసారీ దేనిలో శాతమో పలకండి. 28 అన్న అంకె ఈ చార్టులోనే రెండుచోట్ల ఉంది: కొత్త వెర్షన్‌లో ఓటీపీ దాటినవాళ్లు, యాప్ తెరిచిన 10,000లో చివరిదాకా వచ్చిన 2,800. 'ట్వెంటీ ఎయిట్ పర్సెంట్' అని వదిలేస్తే ఆయన ఒకటి రాసుకుంటారు, మీరు చెప్పింది ఇంకొకటి అవుతుంది.