ప్రో బోనో అన్న లాయర్ తర్వాత డబ్బులు అడగొచ్చా?

ప్రశ్న: యాక్సిడెంట్ కేసు ఒకటి ఉంది, లాయర్ గారు ప్రో బోనోగా చేస్తానన్నారు. అంటే మొత్తం ఫ్రీయేనా, తర్వాత ఏమైనా అడుగుతారా?

మాది రాయగడ, మా వదిన కేసులో ఇదే తిరకాసు చూశాం కాబట్టి చెప్తున్నా. ప్రో బోనో పబ్లికో అనేది లాటిన్ మాట, జనం మేలు కోసం అని, కోర్టులో వాడేటప్పుడు మాత్రం దానర్థం లాయర్ తన ఫీజు వదులుకున్నాడని, అంతవరకే. జిరాక్సులు, నోటరీ, సర్టిఫైడ్ కాపీలు, సాక్షుల రాకపోకలు ఇవన్నీ ముందే మాట్లాడుకోకపోతే మన నెత్తినే పడతాయి. మా దగ్గర ఇంకోటి ఉంది, వదిన పుట్టిల్లు పార్వతీపురం వైపు కదా, పెళ్ళి కాగితాలు, రేషన్ కార్డు అన్నీ తెలుగులో ఉన్నాయి, ఇక్కడ కోర్టుకేమో ఒడియాలోనో ఇంగ్లీషులోనో కావాలి, ఆ ట్రాన్స్‌లేషన్ ఖర్చు మేమే పెట్టుకున్నాం. అది తప్పని అనను.

అసలు గొడవ తర్వాత వచ్చింది. అన్నయ్య లారీ గుద్ది పోయాడు, క్లెయిమ్ వేయడానికి ఒక లాయర్ గారు "డబ్బులు వద్దమ్మా, ప్రో బోనో" అని వకాల్తా మీద సంతకం పెట్టించుకున్నారు, కొన్నాళ్ళకి ఆయన గుమస్తా వచ్చి కాంపెన్సేషన్ రాగానే అయిదో వంతు సార్‌కి ఇవ్వాలి, ముందే ఒక ఖాళీ చెక్కు ఇచ్చేయండి అన్నాడు. గెలిస్తే వాటా అనేది ప్రో బోనో ఎలా అవుద్ది చెప్పండి, పైగా ఫలితాన్ని బట్టి ఫీజు మాట్లాడుకోవడం, వచ్చిన దాంట్లో వాటా తీసుకోవడం బార్ కౌన్సిల్ రూల్స్‌లోనే కుదరదని ఉంది. అయినా యాక్సిడెంట్ కేసుల్లో ఇది నడుస్తూనే ఉంటది, ఎవరూ గట్టిగా అడగరు కాబట్టి.

చెక్కు ఇవ్వకుండా కోర్టు ఆవరణలోనే ఉన్న జిల్లా లీగల్ సర్వీసెస్ ఆఫీసుకి వెళ్ళాం. 1987 నాటి లీగల్ సర్వీసెస్ అథారిటీస్ చట్టం సెక్షన్ 12 ప్రకారం ఆడవాళ్ళకి ఆదాయంతో పని లేకుండా లాయర్‌ని ఇస్తారు, ఎస్సీ ఎస్టీ వాళ్ళకీ అంతే, తెల్ల కాగితం మీద అర్జీ రాసిస్తే చాలు. దీన్ని కూడా మావాళ్ళు ప్రో బోనో అనేస్తుంటారు గానీ కాదు, ఆ ప్యానెల్ లాయర్‌కి అథారిటీ ఫీజు ఇస్తది, కోర్టు ఫీజులాంటి ఖర్చులూ అదే చూసుకుంటది, మన దగ్గర పైసా తీసుకోకూడదు. లాయర్‌ని మార్చడానికి పాతాయన వకాల్తా మీద నో అబ్జెక్షన్ రాయాలి, దానికే చాలా తిప్పారు, రాయనంటే కోర్టులో పిటిషన్ పెట్టి పర్మిషన్ తెచ్చుకోవచ్చని కొత్త లాయర్ చెప్పాక అప్పుడు రాశారు.

మీ లాయర్ నిజంగానే ఫీజు వదిలేసే మనిషి అయ్యుండొచ్చు, అలాంటి వాళ్ళూ ఉన్నారు. ఫీజు లేదు, వాటా లేదు, ఫలానా ఖర్చులు ఫలానా వాళ్ళవి అని ఒక కాగితం మీద రాసి సంతకం పెట్టమనండి, మనసులో వేరే లెక్క లేనివాళ్ళు వెంటనే పెడతారు. ఖాళీ చెక్కు, ఖాళీ స్టాంపు పేపర్ అడిగితే మాత్రం అక్కడే ఆపేసి 15100 కి ఫోన్ చేయండి, అది లీగల్ సర్వీసెస్ వాళ్ళ నంబరే.